శనివారం కడుపునొప్పి

ఆ రిజిస్టరులో మొదటి పేజీ నుంచి ముప్పై ఎనిమిదో పేజీ దాకా ఒకే జబ్బు ఉంది. దాని పేరు గ్యాస్.

గుడివాడ శివార్లలో నాలుగంతస్తుల ఆడపిల్లల హాస్టలు అది. వైద్యవిద్య ప్రవేశపరీక్షకు లాంగ్‌టర్మ్ కోచింగు తీసుకునే నాలుగు వందల మంది పిల్లలు అందులో ఉంటారు. కింది అంతస్తులో, మెస్సుకు ఆనుకొని సిక్‌రూం: రెండు ఇనుప మంచాలు, ఒక బల్ల, బీపీ మిషను, ఒక మాత్రల డబ్బా. కరీమున్నీసా చేరిన రోజున ఆమె చేతికి వచ్చిన రిజిస్టరులో తేదీ, పేరు, గది నంబరు, జబ్బు, ఇచ్చిన మందు అని ఐదు గళ్ళున్నాయి. నాలుగో గడి నిండా గ్యాస్. అంతకు ముందున్నామె కొన్నిచోట్ల ఆ మాట కూడా రాయకుండా, పైదే అని తెలిపే రెండు చుక్కలు పెట్టి ఊరుకుంది.

కరీమున్నీసా బందరు మనిషి. ఇనగుదురుపేటలో పుట్టి, ఏఎన్ఎం శిక్షణ పొంది, ముప్పై నాలుగేళ్ళు దివిసీమ పల్లెల్లో తిరిగింది. కాలవగట్ల మీద సైకిలు, ఆ తరువాత మోపెడు, చివరి పదేళ్ళు ఎవరి ఆటో దొరికితే అది. రిటైరైన నాడు ఆమెకు శాలువా కప్పారు. ఆమె మాత్రం ఒక ఇనుప ట్రంకుపెట్టె ఇంటికి తెచ్చుకుంది. మొదటి నియామకపు ఉత్తర్వు మొదలు, జ్వరాల సర్వే కాగితాలు, అధికారులకు రాసిన ఉత్తరాలు, వాటికి వచ్చిన జవాబులు, రాని జవాబుల కోసం మళ్ళీ రాసిన ఉత్తరాల నకళ్ళు, అన్నీ సంవత్సరాల వారీగా అందులో ఉన్నాయి. కాగితం మీద లేని మాటను రేపు ఎవరైనా అనలేదనవచ్చునని ఆమెకు ఉద్యోగం నేర్పింది. భర్త పోయాక, అరవై మూడో ఏట, ఖాళీగా కూర్చోలేక ఈ సిక్‌రూంలో చేరింది.

చేరిన వారంలోనే క్యాంపస్ ఇన్‌ఛార్జి పూర్ణచంద్రరావు పిలిచి చెప్పాడు. "కరీమున్నీసా గారూ, మీరు ప్రతిదానికీ అరపేజీ రాస్తున్నారట. ఇది పెద్దాసుపత్రి కాదండీ. గ్యాస్ అని రాసి ఒక మాత్ర ఇవ్వండి, పిల్ల క్లాసుకు వెళ్ళిపోతుంది."

"గ్యాసయితే గ్యాసనే రాస్తానండి."

"కాకపోతే?"

"ఏదైతే అదే రాస్తాను."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

దివిసీమలో వాంతులూ విరేచనాలూ మొదలైన ప్రతిసారీ కరీమున్నీసా చేసే పని ఒకటుండేది. ఎవరికి, ఏ ఇంట్లో, ఏ రోజున మొదలైందో వరసగా ఒక కాగితం మీద రాసి, ఊరి పటం మీద ఎర్రచుక్కలు పెట్టేది. చుక్కలన్నీ ఒక బోరు చుట్టూ గుమిగూడితే, మాత్రలు పంచడం ఆపి ముందు ఆ బోరు మూయించేది. ఇక్కడా అదే చేసింది. ఎనిమిది వారాల కడుపునొప్పులూ, తలనొప్పులూ, గుండెదడలూ కలిపి నలభై ఏడు. పేర్లు లేకుండా, రోజుల వారీగా చుక్కలు పెట్టింది. ముప్పై ఒకటి శనివారం మీద పడ్డాయి. ఆదివారం పొద్దున వారపు పరీక్ష. నెలాఖరు మార్కులను బట్టి పిల్లల్ని 'ఏ' సెక్షను నుంచి 'బీ'కి, 'బీ' నుంచి 'సీ'కి మార్చే వారంలో శుక్రవారం మీదా చుక్కలు పడ్డాయి. మెస్సులో వంటవాళ్ళు తినేదీ ఆ తిండే, వాచ్‌మన్ హనోకు తినేదీ ఆ తిండే. వాళ్ళకు శనివారం నొప్పి లేదు.

"హనోకూ, నీకెప్పుడైనా కడుపునొప్పి వచ్చిందా ఇక్కడ?" అని అడిగింది.

"మొన్న పప్పులో ఉప్పు లేనప్పుడు కోపం వచ్చిందక్కా. నొప్పి రాలేదు."

ఆ ముప్పై ఒకటిలో ఆరు చుక్కలు ఒక్క పిల్లవే. ఆ పిల్ల లక్ష్మీదుర్గ. ఊరు నాగాయలంక దాటి సముద్రం వైపు. తండ్రి కొండయ్య వేటకు వెళ్తాడు, తల్లి అవనిగడ్డ మార్కెట్లో చేపలమ్ముతుంది. వాళ్ళ పేటలో పదో తరగతిలో మండలానికి మొదట వచ్చిన పిల్ల ఆమె ఒక్కతే. ఇంటర్ అయ్యాక మొదటిసారి రాసిన ప్రవేశపరీక్షలో సీటు రాలేదు. ఇది రెండోసారి.

మొదటి శనివారం ఆమె కడుపు పట్టుకొని వచ్చింది. మూడో శనివారానికి నొప్పితో పాటు గుండె గబగబా కొట్టుకోవడం, వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కడం, ఊపిరాడక చచ్చిపోతానేమోనన్న భయం. కరీమున్నీసా నాడి చూసింది, బీపీ చూసింది, గోళ్ళూ కనురెప్పలూ చూసింది. మంచం అంచున కూర్చోబెట్టి, "నాతో పాటు ఊపిరి వదులు. పీల్చడం తరువాత సంగతి, ముందు మెల్లగా వదులు. ఇది వస్తుంది, పెరుగుతుంది, కాసేపటికి దిగుతుంది" అన్నది. పావుగంటకు దిగింది.

"నిద్ర పడుతోందా అమ్మా?"

"పడుతుందండి. మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. చదివిన పేజీయే మళ్ళీ మళ్ళీ చదువుతాను. ఎక్కదు."

"అన్నం?"

"మెస్సులో లైను పెద్దగా ఉంటుందండి, వెళ్ళను."

లైను అందరికీ పెద్దదే. కరీమున్నీసా ఆ జవాబును ఆ మాటల్లోనే రాసుకుంది. నాలుగో శనివారం, తండ్రి ఆదివారం ఫోను చేస్తే తలనొప్పని చెప్పించి మాట్లాడడం మానేసిందనీ రాసుకుంది. ఐదో శనివారం ఆ కాగితాలు పట్టుకొని పూర్ణచంద్రరావు దగ్గరికి వెళ్ళింది.

"ఈ పిల్లను డాక్టరుకు చూపించాలి. తల్లిదండ్రులకు చెప్పాలి. ఇది చదువుల్లో అందరికీ ఉండే భయం కాదండి. నిద్ర, తిండి, మాట, మూడూ తగ్గాయి."

"గ్రాండ్ టెస్టుకు పద్దెనిమిది రోజులుంది. ఇప్పుడు ఇంటికి కబురంపితే ఏమవుతుంది? వాళ్ళొచ్చి తీసుకుపోతారు. ఒకరిని తీసుకుపోతే పదిమంది గేటు దగ్గర నిలబడతారు. భయమనేది కాస్త ఉండాలండీ, భయం లేనిదే ర్యాంకు రాదు."

"కాస్త భయానికి చదువుకుంటారు. ఈ భయానికి చదవలేకపోతున్నారు. ఆ తేడా రాసే తెచ్చాను."

ఆయన ఆ కాగితాన్ని చదవకుండానే పేపరువెయిటు కింద పెట్టాడు. ఆమె దగ్గర దాని నకలు ఉంది.

ఆరో శనివారం కూడా లక్ష్మీదుర్గ వచ్చింది. ఏడో శనివారం రాలేదు.

ఎనిమిదో శనివారమూ రాలేదు. మెస్సు దగ్గర కనిపిస్తే, "ఇప్పుడు బాగుందండి, ఏమీ లేదు" అని నవ్వింది. రెండు నెలల్లో ఆ ముఖంలో నవ్వు చూడడం అదే మొదలు. కరీమున్నీసా లోపలికి వచ్చి, లక్ష్మీదుర్గ పేరు పక్కన 'తగ్గింది' అని రాసి, టిక్కు పెట్టింది. ఆ టిక్కు పెట్టినందుకు తరువాత ఆమె తనను తాను క్షమించుకోలేదు. దాన్ని కొట్టివేయనూ లేదు.

సోమవారం ఉదయం బ్లెస్సీ అనే పిల్ల గొంతునొప్పికి మాత్ర కోసం వచ్చింది. లక్ష్మీదుర్గ గదిలోనే ఉంటుంది. చేతికి కొత్త గడియారం ఉంది.

"బాగుందే. మీ నాన్న కొన్నాడా?"

"మా నాన్నా? ఆయన టైమే అడగడండీ, ఇంక గడియారమేం కొంటాడు. దుర్గ ఇచ్చింది. నాకెందుకే అంటే, నువ్వే పెట్టుకో, నాకింక అక్కర్లేదు అంది. దుప్పటి పక్క గది పిల్లకిచ్చేసింది. బయాలజీ నోట్సు క్రిస్టినాకిచ్చింది. రెండేళ్ళుగా రాసుకున్న నోట్సండీ. మాకు అసలు ముట్టనిచ్చేది కాదు."

మాత్ర ఇవ్వబోయిన కరీమున్నీసా చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది.

చాలా ఏళ్ళ కిందట, నాగాయలంక దగ్గరి ఒక పల్లెలో వాంతులు వ్యాపించినప్పుడు, ఒక ఇంటికి తాళం చూసి 'ఊళ్ళో లేరు' అని రాసి టిక్కు పెట్టింది ఆమె. ఇంటివాళ్ళు ముందు తలుపుకు తాళం వేసి పనికి వెళ్ళేవాళ్ళు. వెనక పాకలో ముసలామె పడుకొని ఉంది. మూడో రోజున తెలిసింది. అప్పటికి సెలైను ఎక్కించడానికి నరం కూడా దొరకలేదు. ఆనాటి నుంచి ఆమె సర్వే కాగితాల మీద మొదటి వరుసలోనే రాసుకునేది, తాళం ఉన్న ఇంటికి రెండోసారి వెళ్ళాలని. జబ్బున్న ఇల్లు పిలుస్తుంది. పిలవడం మానేసిన ఇంటికే ముందు వెళ్ళాలి. ఇంత తెలిసిన మనిషి, పిల్ల రావడం మానేస్తే తగ్గిందని రాసింది.

"దుర్గ ఇప్పుడెక్కడుంది?"

"తలనొప్పని గదిలోనే ఉందండీ. క్లాసుకు రాలేదు."

మోకాళ్ళ నొప్పితో ఆరు నెలలుగా మెట్లెక్కని కరీమున్నీసా మూడో అంతస్తుకు ఆగకుండా ఎక్కింది. బ్లెస్సీ వెనకే వచ్చింది. గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లక్ష్మీదుర్గ ఖాళీ మంచం మీద, సర్దిన పెట్టె పక్కన కూర్చుంది. ఏడవడం లేదు.

బ్లెస్సీని వరండాలో ఉండమని, ఆమె పిల్ల పక్కన కూర్చుంది. చావు గురించి నేరుగా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడేవాళ్ళు చాలామంది. అది తప్పని, అడగడమే తలుపు తీయడమని, ఆమె శిక్షణలో నేర్చుకుంది. అందుకని చుట్టూ తిప్పలేదు.

"దుర్గా, చచ్చిపోవాలనిపిస్తోందా?"

కింద మెస్సులో గిన్నెల చప్పుడు వినబడుతోంది.

"నన్ను సీ సెక్షనులో వేశారండి," అన్నది లక్ష్మీదుర్గ. "మా నాన్న బోటు మీద అందరికీ చెప్పాడు. ఫోను ఎత్తగానే డాక్టరమ్మా అంటాడు. ఆ మాట వింటే నాకు చేతులు చల్లబడతాయి. పడుకొని లేవకపోతే బాగుండును అనుకునేదాన్ని. ఇప్పుడు అంతకంటే ఎక్కువే అనుకుంటున్నాను."

"ఎలాగని కూడా అనుకున్నావా?"

పిల్ల తల ఊపింది. కరీమున్నీసా ఏమిటో అడిగి తెలుసుకుంది, అది పిల్లకు అందకుండా చేసింది. కంగారు పడలేదు, తిట్టలేదు, తల్లిదండ్రుల కష్టం గుర్తు చేయలేదు. "చెప్పావు. మంచిపని చేశావు. ఇవాళ నేను నీ పక్క నుంచి లేవను. ఇప్పుడు ఇద్దరం కలిసి ఒక ఫోను చేద్దాం" అని, మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు పద్నాలుగు నాలుగు వందల పదహారుకు చేసింది. అవతల మాట్లాడినామె ముందు పిల్లతో మాట్లాడింది. తరువాత కరీమున్నీసాతో, ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలవద్దనీ, ఇంట్లోవాళ్ళను పిలిపించమనీ, ఇవాళే మానసిక వైద్యులున్న ఆసుపత్రికి తీసుకెళ్ళమనీ చెప్పింది.

"మీ అమ్మానాన్నలకు చెప్పాలమ్మా. అది దాచను. ఎలా చెప్పాలో మాత్రం నువ్వు చెప్పు."

"మార్కుల మాట చెప్పకండి ముందు," అన్నది పిల్ల.

కొండయ్య వేటలో ఉన్నాడు, ఫోను కలవలేదు. తల్లి అవనిగడ్డ మార్కెట్లో ఎత్తింది. "బిడ్డ నా పక్కనే ఉంది. ఒంట్లో బాగాలేదు, మనసులోనూ బాగాలేదు. బందరు పెద్దాసుపత్రికి తెస్తున్నాను. మీరక్కడికి రండి. దుర్గ నాన్న ఒడ్డుకు రాగానే ఆయన్నీ రమ్మనండి" అన్నది కరీమున్నీసా. అవతల తక్కెడ కిందపెట్టిన చప్పుడైంది. "బయల్దేరానమ్మా" అన్న మాట ఒక్కటే వచ్చింది.

పూర్ణచంద్రరావు ఔట్‌పాస్ ఇవ్వనన్నాడు. "తండ్రి స్వయంగా వచ్చి సంతకం పెడితేనే గేటు దాటాలి. రూలండీ. ఇవి మాకు కొత్తా? రెండు రోజులు చూద్దాం. గేటు దగ్గర ఆసుపత్రీ గీసుపత్రీ అని గోల చేయకండి."

తనతో పాటే కిందికి తెచ్చిన లక్ష్మీదుర్గను బ్లెస్సీ పక్కన ఆఫీసు వరండాలో కూర్చోబెట్టి, తలుపు తీయించి, కళ్ళెదుటే ఉండేలా చూసుకొని, కరీమున్నీసా ఆయన బల్ల ముందు నిలబడింది. సంచిలోంచి ఒక కాగితం తీసింది.

టీకా వద్దన్న ఇళ్ళకు ఏఎన్ఎంల పుస్తకంలో ఒక గడి ఉంటుంది. నిరాకరించినవారి పేరు, కారణం, తేదీ, వేళ. దానికి సాక్షి సంతకాన్ని కరీమున్నీసా సొంతంగా చేర్చుకుంది. ఆ గడి చూపించగానే, వాదించేవాళ్ళలో సగంమంది బిడ్డను ఎత్తుకొని వచ్చేవాళ్ళు. వద్దనడం ఎవరికైనా సులువే, దాని కింద తమ పేరుండటమే కష్టం.

"పదకొండూ ఇరవైకి మీకు చెప్పాను," అన్నది. "ఈ విద్యార్థిని ప్రాణానికి అపాయం ఉందని, ఇవాళే వైద్యుడికి చూపించాలని ఇందులో రాశాను. చదివి, స్వీకరించానని సంతకం పెట్టండి. పంపనంటే, పంపను అని మీ చేత్తో కారణం రాయండి."

"నేను దేని మీదా సంతకం పెట్టను."

"అయితే సంతకానికి నిరాకరించారని నేను రాస్తాను. హనోకూ, ఇలా రా. సాక్షి సంతకం పెట్టు."

హనోకు గుమ్మంలో నిలబడి ఇన్‌ఛార్జి ముఖం చూశాడు, ఆమె ముఖం చూశాడు. "నాకు సంతకం మెల్లగా వస్తదక్కా, అయినా పెడతా" అన్నాడు.

"నీ ఉద్యోగం చూసుకో ముందు," అన్నాడు పూర్ణచంద్రరావు.

"చూసుకుంటానే ఉన్నానండీ. గేటు దగ్గర లోపలికొచ్చేవాళ్ళ పేర్లన్నీ రాయమన్నారు కదండీ. బయటికి పోయేవాళ్ళ పేరు కూడా రాస్తే తప్పేంటండీ."

"పిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండాయి," అన్నది కరీమున్నీసా. "తన ఇష్టంతో డాక్టరు దగ్గరికి వెళ్తోంది. ఆపినవారి పేరు ఈ కాగితంలో ఉంటుంది. దీనికి మూడు నకళ్ళు. ఒకటి మీకు, ఒకటి తండ్రికి, ఒకటి నాకు. నా దగ్గర కాగితాలు పోవండీ. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కటీ పోలేదు."

ఆయన ఆ కాగితాన్ని ఈసారి చదివాడు. రెండుసార్లు చదివాడు. సంతకం పెట్టలేదు గానీ ఔట్‌పాస్ పుస్తకం లాగి, చీటీ చింపి బల్ల మీద పడేశాడు. ఆమె చీటీ తీసుకుంది, వేళ వేయలేదని చూసి వెనక్కి జరిపింది. ఆయన వేళ వేశాడు.

గుడ్లవల్లేరు, పెడన మీదుగా బస్సు. లక్ష్మీదుర్గ కిటికీ పక్కన, మధ్యలో కరీమున్నీసా, ఇటు బ్లెస్సీ. ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లతో ఒంటరిగా అరగంట మాట్లాడింది, రక్తపరీక్షలు రాసింది, థైరాయిడూ రక్తహీనతా ఉన్నాయేమో చూడాలన్నది. తరువాత, అప్పటికి అవనిగడ్డ నుంచి వచ్చి చేరిన తల్లిని లోపలికి పిలిచి చెప్పింది. ఇది ఆందోళన, దానితో పాటు కుంగుబాటు కూడా ఉంది. పొగరూ కాదు, బద్ధకమూ కాదు. నయమవుతుంది గానీ వారానికొకసారి రావాలి, కొన్నాళ్ళు ఎవరో ఒకరు పక్కన ఉండాలి. పరీక్ష సంగతి ఇవాళ ఎవరూ తేల్చనక్కర్లేదు.

సాయంత్రానికి కొండయ్య వచ్చాడు. పడవ దిగిన మనిషి దిగినట్టే వచ్చాడు, లుంగీ అంచు ఇంకా తడిగా ఉంది. కూతుర్ని చూసి అలవాటు చొప్పున నోరు తెరిచి, "డాక్..." అని ఆగిపోయాడు. పిల్ల ముఖం చూశాడు.

"ఏమే దుర్గా," అన్నాడు. "అన్నం తిన్నావా?"

పిల్ల అప్పుడు ఏడ్చింది. రెండు నెలల ఏడుపు.

బయట వరండాలో అతను కరీమున్నీసాను అడిగాడు. "నేనేం చేశానమ్మా? ముద్దుగానే పిలిచాను."

"ముద్దుగానే పిలిచావు బాబూ. ఆ పిలుపు బరువు నీకు తెలియదు, చెప్పాల్సినవాళ్ళు నీకు చెప్పలేదు. నీ తప్పు వెతకడానికి పిలిపించలేదు నిన్ను. ఇంటికి తీసుకెళ్ళు. రోజూ అడుగు, నిద్రపట్టిందా అని. మార్కులెన్ని అని మాత్రం అడగవద్దు."

"నా బిడ్డ తిరిగొచ్చింది, అది చాలు," అన్నాడు కొండయ్య. "వలలో ఏం పడిందో లెక్కెందుకు ఇప్పుడు."

మరునాడు పూర్ణచంద్రరావు సిక్‌రూం రిజిస్టరు అడిగాడు. లక్ష్మీదుర్గ పేరున్న పేజీలు తీసి కొత్తవి కుట్టించి గ్యాస్ అని రాయమన్నాడు. ఆమె రిజిస్టరు ఇచ్చింది, కొత్త పేజీలు మాత్రం రాయలేదు. తన రాతతో నిండిన ప్రతి పేజీకీ ముందే గుడివాడ బస్టాండు దగ్గర జిరాక్సు తీయించి ఉంచింది. ఆ నెల తల్లిదండ్రుల సమావేశంలో, ఎవరూ పిలవకపోయినా లేచి, పేర్లు లేని ఆ ఎర్రచుక్కల కాగితాన్ని ఎత్తి చూపింది. "మీ పిల్లల కడుపునొప్పి శనివారాలే వస్తోంది. మెస్సు తిండి వారమంతా ఒకటే. ఆదివారం ఏం జరుగుతుందో మీరే అడగండి" అన్నది. వెనక వరుసలో ఒక తల్లి లేచి నిలబడింది. తరువాత ఇంకో ఆరుగురు నిలబడ్డారు. ఆ సాయంత్రం హాస్టలు వాళ్ళకు మెస్సు గోడ మీద పద్నాలుగు నాలుగు వందల పదహారు అని పెద్దక్షరాలతో రాయక తప్పలేదు. సెక్షన్లు మాత్రం మారుస్తూనే ఉన్నారు.

పది రోజులకు ఆమె సేవలు ఇక అవసరం లేదని ఒక ఉత్తరం వచ్చింది. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, అందులో తేదీ తప్పు పడిందని ఎర్రసిరాతో గుర్తించి, అందినట్టు జవాబు రాసి, ట్రంకుపెట్టెలో పెట్టింది.

లక్ష్మీదుర్గ ప్రతి గురువారం బందరు వస్తుంది. కొన్ని వారాలు బాగుంటుంది, కొన్ని వారాలు బాగుండదు. బాగుండనప్పుడు ఫోను చేసి చెబుతోంది. ఆ ఏడాది పరీక్ష రాయలేదు. బ్లెస్సీ గడియారం తిరిగి ఇచ్చేస్తానంటే, "ఉంచుకోవే, నీకు టైము తెలియాలి. దుప్పటి మాత్రం ఇప్పించు, చలేస్తోంది" అన్నదట. ఆ మాట విన్నప్పుడు కరీమున్నీసా పాత రిజిస్టరు నకలు తీసి, 'తగ్గింది' అన్న టిక్కు పక్కన 'రెండోసారి వెళ్ళాను' అని రాసింది.

ఇప్పుడు నెలలో రెండో ఆదివారం, తల్లిదండ్రులు పిల్లల్ని చూడవచ్చే రోజున, ఆమె బందరు నుంచి పొద్దున బస్సుకు వచ్చి హాస్టలు గేటు ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు వేసుకొని కూర్చుంటుంది. ఒళ్ళో ఒక పుస్తకం. లోపలికి వెళ్ళే తల్లినీ తండ్రినీ ఆపి, నిద్ర ఎలా పడుతోందో అడగండి, అన్నం ఎంత తింటోందో అడగండి, ఫోను ఎందుకు ఎత్తడం లేదో అడగండి, వస్తువులు పంచేస్తోందేమో చూడండి అని చెబుతుంది. ఉన్నట్టుండి మరీ నెమ్మదిగా కనిపిస్తే ఇంకోసారి అడగమంటుంది. కొందరు విసుక్కుంటారు. చాలామంది ఆగి, రాసుకుంటారు.

ఆమె అలా కూర్చున్న మొదటి రోజునే లోపలి నుంచి ఒకతను వచ్చాడు. "ఇక్కడ కూర్చోకూడదటండీ. సార్ చెప్పమన్నారు."

"ఇది మునిసిపాలిటీ రోడ్డు నాయనా," అన్నది కరీమున్నీసా. పుస్తకంలో కొత్త పేజీ తీసి, చివరి గడి మీద వేలు పెట్టి, కలం అతని వైపు చాచింది. "ఎవరు వద్దన్నారో, ఎందుకు వద్దన్నారో ఇక్కడ రాసివ్వమను. వేళ కూడా వేయమను."

గేటు లోపల హనోకు తల వంచుకొని, ఆ పూట వచ్చేవాళ్ళ పేర్లు మెల్లగా రాసుకుంటున్నాడు.